మెట్లెక్కనక్కర్లేని తాళం

నేను నోరున్న మనిషిని. గోదావరి వైపు పుట్టాను కాబట్టి తిట్టినా చివర ‘అండీ’ పెట్టి తిడతాను, అంతే తేడా. తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చెప్పుకుంటూ ఉన్నదాన్ని, అది మానేసి ఏలూరులో చేపల చెరువులకు పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీలో చేరతానంటే మా అమ్మ ముక్కు మూసుకుంది. మాది పౌరోహిత్యం చేసుకునే ఇల్లు. “ఇంత చదువు చదివి చివరికి చేపలేంటే?” అంది. “తినడానికి కాదమ్మా, బతికించడానికి” అన్నాను. ఆ మాటకి కాస్త మెత్తబడింది గానీ, సాయంత్రం ఇంటికి రాగానే కాళ్లు కడుక్కోమనడం మాత్రం మానలేదు.

మా పెట్టె పని చెప్పడం తేలికే. చెరువు నీళ్లలో ప్రాణవాయువు ఎంతుందో కొలిచే కడ్డీ ఒకటి ఉంటుంది. ఆ కొలత తగ్గగానే పెట్టె ఏరియేటర్లను, అంటే నీళ్లను చిలికి గాలి కలిపే చక్రాల మోటార్లను, తిప్పాలి. పెరిగాక ఆపాలి. ఎండ కాసే రోజుల్లో పెద్దగా పనుండదు. మబ్బు పట్టిందంటే మాత్రం తెల్లవారేసరికి నీళ్లలో గాలి అయిపోతుంది, శీలావతులూ బొచ్చెలూ, చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు మోటార్లు తిరక్కపోతే ఏడాది కష్టం గట్టు మీద కుప్ప పోసుకోవాల్సిందే.

ఆ సంవత్సరం వానాకాలంలో మా పెట్టెలు అక్కడొకటీ ఇక్కడొకటీ మొండికేయడం మొదలుపెట్టాయి. గాలి తగ్గినా మోటార్లు తిప్పవు. పైగా రైతు ఫోనులో కొలత బ్రహ్మాండంగా ఉందని చూపిస్తుంది. రైతు కళ్లతో చెరువు చూసి, లబోదిబోమని షెడ్డులోకి పరిగెత్తి, పెట్టె స్విచ్చి ఆపి మళ్లీ వేస్తాడు. వెంటనే బుద్ధిగా పనిచేస్తుంది. మేం వెళ్లేసరికి లోపల ఏమైందో చెప్పడానికి ఏమీ మిగలదు. ఆపి వేయడం మా వైపు అందరికీ చేతికొచ్చిన వైద్యం. టీవీ అయినా, మోటారు అయినా, లిఫ్టు అయినా ముందు ఆపి వేస్తారు. రోగం అక్కడికక్కడ పోతుంది, రోగమేమిటో మాత్రం ఎప్పటికీ తెలియదు. నాకు ఒళ్లు మండిపోయేది.

మా ఓనరు గారిది గూడెంలో మోటార్ల కొట్టు నడుపుకుంటూ వచ్చిన కోమట్ల కుటుంబం. మంచి మనిషి, సరుకు తెలిసిన మనిషి, కంప్యూటరు సంగతి మాత్రం నా మీద వదిలేశారు. “మేడమ్ గారూ, ఎవరి చెరువైనా ఒక్కటి పోయిందంటే మన పెట్టెలన్నీ కొల్లేట్లో గిరాటేస్తారండీ” అన్నారు. నిజమే. ఇంకా నిజమేమిటంటే, అది ఎవరో ఒకరి చెరువు. నాకు పెట్టెల కంటే అదే భయంగా ఉండేది.

అలా మూడోసారో నాలుగోసారో ఒకే చెరువులో జరిగింది. కొల్లేటికోట వైపు గట్టు మీద కౌలుకి తీసుకుని చేసుకునే రైతు ఆయన. వయసులో పెద్దాయన. నేను బాబాయ్ గారూ అనేదాన్ని, ఆయన నన్ను అమ్మాయ్ గారూ అనేవారు. ఉన్నది ఒక్కటే చెరువు. కాంటూరు గొడవల్లో, అంటే కొల్లేరు హద్దులోపలి చెరువుల గట్లు కొట్టేసినప్పుడు, ముందు చేసిన చెరువు పోగొట్టుకుని ఇది పట్టుకున్నారు. చేప ఎదిగింది, పట్టుబడి దగ్గరికొచ్చింది, వలల వాళ్లతోనూ లారీతోనూ మాట్లాడేసుకున్నారు కూడా. ఇక మబ్బు పట్టినప్పుడల్లా ఆయన మంచం ఎక్కడం మానేసి గట్టు మీదే కూర్చుంటున్నారు. “మీ పెట్టె వచ్చాక నిద్ర పోదామనుకున్నానండీ. ఇప్పుడు చెరువుకీ కాపలా, పెట్టెకీ కాపలా” అన్నారు. ఆ మాట నాకు చురుక్కున తగిలింది.

పెట్టెలో ఏముందో కూడా చెప్పాలి. అందులో రెండు ప్రోగ్రాములు. ఒకటి కడ్డీ కొలత చదివి మోటార్లు తిప్పేది. రెండోది ఆ కొలతను రైతు ఫోనుకి పంపేది. కొలత రాసుకునే చోటు ఇద్దరికీ ఉమ్మడి. ఒకరు రాస్తుంటే మరొకరు చదివితే తప్పు అంకె పోతుంది కాబట్టి దానికి ఒక తాళం. ఆ తాళాన్ని ఫ్యూటెక్స్ అనే పద్ధతిలో కట్టారు. పేరు చూసి బెదిరిపోనక్కర్లేదు. నేను కాలేజీలో పిల్లలకి మా అద్దె ఇంటి స్నానాల గది పెట్టి చెప్పేదాన్ని.

మా చిన్నప్పుడు గూడెంలో రెండు వాటాల ఇంట్లో ఉండేవాళ్లం. ఇద్దరికీ పెరట్లో ఒకటే స్నానాల గది, ఇంటి ఓనరు మేడ మీద. గది ఖాళీగా ఉంటే ఏం చేస్తాం? లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంటాం. అంతేగానీ మెట్లెక్కి ఓనరు గారిని అడిగి రాం. గడియ పడి ఉంటే మాత్రం తలుపు మీద సుద్దతో ఒక గీత గీసి, పైకెళ్లి “ఖాళీ అయ్యాక లేపండి” అని చెప్పి పడుకోవచ్చు. బయటికొచ్చేవాడు తలుపు చూస్తాడు. గీత లేకపోతే తన దారిన పోతాడు. గీత ఉంటేనే దాన్ని చెరిపి ఓనరు గారికి కేకేస్తాడు, ఆయన పడుకున్నవాణ్ణి లేపుతాడు.

కంప్యూటర్లో ఆ మేడ మీది ఓనరు గారే కెర్నెల్, అంటే మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపించే పెద్ద ప్రోగ్రాం. ఆయన దగ్గరికి వెళ్లి రావడం ఖరీదైన పని. తాళానికి పోటీ లేనప్పుడు మెట్లెక్కాల్సిన పనే లేదు, మెమరీలో ఒక అంకె మార్చుకుంటే చాలు. తొంభై పాళ్లు అలాగే జరిగిపోతుంది, కెర్నెల్‌కి ఆ తాళం ఒకటుందని కూడా తెలియదు. మాలాంటి చిన్న బోర్డుకి, సౌరపలక మీద బతికేదానికి, అది వరం. ఇది ఎవరి బుర్రలో పుట్టిందో గానీ వాళ్లకి దండం పెట్టాలి.

ఆ అందంలోనే మా కష్టం కూడా దాక్కుంది, అప్పటికి నాకు తెలియదు.

బాబాయ్ గారి పట్టుబడికి ముందు మళ్లీ ముసురు పట్టింది. సాయంత్రం నుంచే ఆకాశం చూసి మా ఓనరు గారు, “పొద్దున్నే మనమే వెళ్లి కూర్చుందామండీ” అన్నారు. ఆ రాత్రి నేను గూడెం వెళ్లకుండా ఏలూరులోనే ఉండిపోయాను, తెలతెలవారుతుండగా బయల్దేరాం. చెరువు చేరేసరికి వెలుగొచ్చింది, సూర్యుడు మాత్రం లేడు. బాబాయ్ గారు తలకి తువ్వాలు చుట్టుకుని గట్టు మీద ఉన్నారు. నేను ఆయన్ని ముందే బతిమాలుకున్నాను. “ఈసారి ఆగితే స్విచ్చి ముట్టుకోకండి బాబాయ్ గారూ. నేను ఒక్కసారి లోపల చూడాలి. ఆపి వేస్తే అంతా తుడిచిపెట్టుకు పోతుంది.”

“చూడండమ్మా. చేప తేలనంత వరకూ చూడండి” అన్నారాయన. అదీ ఒప్పందం.

మోటార్లని చేత్తో తిప్పే స్విచ్చి ఉంటే ఈ గొడవే లేదు. మొదట్లో ఉండేది. పనివాళ్లు దాన్ని వేసి మర్చిపోయి మోటార్లు కాల్చేస్తున్నారని రైతులే తీయించారు, మా ఓనరు గారు సంతోషంగా తీసేశారు. కాబట్టి తిప్పితే పెట్టే తిప్పాలి, లేదంటే పెట్టెను ఆపి వేయాలి.

టీ తాగుతూ ఉండగా బాబాయ్ గారు గ్లాసు కింద పెట్టేశారు. “తేలుతున్నాయండీ” అన్నారు. చూస్తే చెరువు మధ్యలో నీళ్లు సన్నగా ఉడుకుతున్నట్టున్నాయి. అన్నీ నోళ్లే. మోటార్లు కదల్లేదు. ఆయన ఫోను తీసి చూపించారు. కొలత చక్కగా ఉంది, అంతా క్షేమమే అంటోంది. నాకు ఆ ఫోనుని చెరువులో విసిరేయాలనిపించింది.

షెడ్డులోకి పరిగెత్తి ల్యాప్‌టాప్ కలిపాను. రెండు ప్రోగ్రాములూ బతికే ఉన్నాయి. ప్రోగ్రాం ఏమేం కెర్నెల్‌ని అడుగుతోందో వరసగా చూపించే పనిముట్టు ఒకటుంది. ముందు దాన్ని ఫోను ప్రోగ్రాం మీద పెట్టాను. అది ఎంచక్కా కొలత పంపుతోంది, పడుకుంటోంది, లేస్తోంది. తాళం గురించి ఒక్క ముక్క లేదు. తాళం తీస్తోంది, వేస్తోంది, మేడ మీదికి వెళ్లే పనే పడటం లేదు. అంటే ఆ తాళానికి పోటీ లేదు, దారి ఖాళీగా ఉంది.

“అయ్యిందా అమ్మా?” గుమ్మంలోంచి బాబాయ్ గారు.

“ఒక్క నిమిషమండీ.”

తర్వాత మోటారు ప్రోగ్రాం ఎక్కడ ఆగిందో చూశాను. నిద్రలో ఉంది. ఫ్యూటెక్స్ దగ్గర, ‘తాళం ఖాళీ అయితే లేపండి’ అని చెప్పి పడుకుంది. నాకు మతిపోయింది. తాళం ఖాళీగానే ఉంది కదా! తలుపు తెరిచే ఉంది, మనిషి మాత్రం పక్క మీద నుంచి లేవడు. ఎవరూ లేపలేదా? లేపితే వినలేదా?

“అమ్మాయ్ గారూ, చేప ఒరుగుతోందండీ!” ఈసారి గొంతు మారిపోయింది. ఆయన లోపలికొచ్చి పెట్టె స్విచ్చి మీద చెయ్యి వేశారు. మా ఓనరు గారు కూడా, “ఆపేసి వేద్దామండీ, పోనివ్వండి, చెరువు ముఖ్యం కదా” అన్నారు. వాళ్ల మాటే న్యాయం. ఆపి వేస్తే ఈ చెరువు బతుకుతుంది. కానీ రేపు ఇదే పెట్టె, ఎవరూ గట్టు మీద లేని పొద్దున, ఇలాగే పడుకుంటుంది. అప్పుడు ఆయనకి ఏం చెప్పాలి? నాకు ఏడుపొచ్చేస్తోంది. “చెయ్యి తీయకండి బాబాయ్ గారూ. నేను వద్దంటే వేయకండి, ఊ అనగానే నొక్కేయండి. ఒక్కటి, ఒక్కటి చూస్తాను” అన్నాను.

ఆ పనిముట్టుని మోటారు ప్రోగ్రాం మీద పెట్టి మీట నొక్కాను.

బయట టపటపమని చప్పుడు. ఒక చక్రం, దాని వెనక ఇంకోటి, చెరువంతా తెల్లగా నురగ.

ముగ్గురం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. బాబాయ్ గారి చెయ్యి ఇంకా స్విచ్చి మీదే ఉంది, నొక్కలేదు. “ఏం చేశారమ్మా?” అన్నారు.

“ఏం చేయలేదండీ, చూశాను” అన్నాను. అదే నిజం.

ఆయన నమ్మలేదు. గట్టు మీదికి పరిగెత్తి, చక్రాల దగ్గరికి గుంపులు గుంపులుగా వస్తున్న చేపల్ని చూసి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ అక్కడే గొంతుక్కూర్చున్నారు. అంచున ఒరిగిన కొన్నిటిని ఆయనే నీళ్లలోకి దిగి చేత్తో నిలబెట్టి వదిలారు. అవి ఈదుకుంటూ పోయాయి. హమ్మయ్య అన్న మాటకి అర్థం నాకు ఆ పూటే తెలిసింది. షెడ్డు గచ్చు మీద కూలబడిపోయాను.

మొదట నాకు కోపం కూడా వచ్చింది. లేచి పని చేసుకుంటోంది కాబట్టి ఇక సాక్ష్యం పోయిందనుకున్నాను. తల ఎత్తి చూస్తే తెర మీద ఒక్క వరస నిలబడి ఉంది. నేను పనిముట్టు తగిలించగానే కెర్నెల్ ఆ నిద్రని ఒకసారి కదిపి, ఆ అడిగినదే మళ్లీ మొదటి నుంచి అడిగించింది. ఫ్యూటెక్స్‌లో మంచి గుణం ఒకటుంది. ‘నన్ను పడుకోబెట్టండి’ అని అడిగినప్పుడల్లా కెర్నెల్ ముందు తలుపు వంక ఒకసారి చూస్తుంది. నువ్వు చెప్పిన గీత ఇంకా తలుపు మీద ఉందా? లేకపోతే పడుకోబెట్టదు, వెళ్లి మళ్లీ ప్రయత్నించు అని పంపేస్తుంది. మా గీత ఎప్పుడో చెరిగిపోయింది. అందుకే లేచి వెళ్లి తాళం తీసుకుంది, కడ్డీ చదివింది, మోటార్లు తిప్పింది. ఆ వరసలో అడిగిన మాట మొత్తం ఉంది. అందులో ఒక మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. ప్రైవేట్.

“ఓరి నీ దుంప తెగ!” అని గట్టిగానే అన్నాను. ఓనరు గారు ఉలిక్కిపడ్డారు.

“మీరు కాదండీ” అన్నాను.

ఆయన గచ్చు మీద నా పక్కనే కూర్చున్నారు. మా వాటాల ఇల్లు ఆయనకీ చెప్పాను. తాళం తొలిసారి రాసినప్పుడు పెట్టెలో ఉన్నది ఒకటే ప్రోగ్రాం, అందులోనే రెండు దారులు. అంటే ఒకే వాటాలో అన్నదమ్ములు. అప్పుడు ‘ప్రైవేట్’, అంటే ‘మా వాటాలో వాళ్ల కోసమే’ అని చెప్పడం తప్పు కాదు సరికదా, మంచిది. కెర్నెల్‌కి వెతకడం తేలిక. రాసిన కుర్రాడు వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు, అతన్ని మనసులో చాలాసార్లు తిట్టుకున్నాను గానీ అతని తప్పు ఇసుమంత లేదు. తర్వాత ఫోను గొడవల వల్ల మోటార్లు ఆగకూడదని మేమందరం కలిసి దాన్ని రెండు ప్రోగ్రాములు చేశాం. వాటాలు వేరయ్యాయి. తాళం ఉమ్మడి చోటుకి మార్చాం. ఆ ‘ప్రైవేట్’ మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

“అంటే?” అన్నారు ఓనరు గారు.

“అంటే, ఫోను వాటావాడు స్నానం చేసి బయటికొచ్చాడండీ. గీత చూశాడు, పద్ధతిగా మేడ మీదికి కేకేశాడు. ఏమని? మా వాటాలో ఎవరన్నా పడుకున్నారేమో లేపండి అని. మేడ మీది ఓనరు చూశాడు, ఆ వాటాలో ఎవరూ లేరు, సరే అన్నాడు. ఈ వాటావాడు ఇక్కడ పడుకునే ఉన్నాడు.”

“ఇన్నాళ్లూ ఎలా పనిచేసిందండీ మరి?”

“తలుపు దగ్గర ఇద్దరూ ఒకేసారి ఎదురుపడితేనే కదా మేడ మీదికి వెళ్లేది. ఎదురుపడనంత కాలం తప్పున్నా బయటపడదు.”

ఎదురుపడేది ఎప్పుడో కూడా ఆయనకే తట్టింది. మబ్బు పట్టిన పొద్దున రైతూ, రైతు బావమరిదీ, మేత కొట్టాయనా అందరూ ఫోన్లు తెరిచి కొలత చూస్తారు. ఫోను ప్రోగ్రాం పదే పదే తాళం తీస్తుంది. సరిగ్గా మోటారు అవసరమైన పొద్దునే రెండూ గుద్దుకుంటాయి. బోర్డు బతికుందో లేదో చూస్తూ, కబురు ఆగితే తనే దాన్ని ఆపి వేసే కాపలా ఒకటుంది, దానికి ‘బతికే ఉన్నాను’ అని చెప్పే పనీ మేం ఫోను ప్రోగ్రాంకే అప్పగించాం. అది చెబుతూనే ఉంది. ఫోనులో కనిపించిన కొలత మోటారు ప్రోగ్రాం పడుకోకముందు రాసిన పాత అంకె. అన్నీ అచ్చంగా కుదిరాయి, మా ఖర్మ.

తిరుగు దారిలో ఓనరు గారు కారు నడుపుతూ, “ఇంత గొడవెందుకండీ, ఖాళీగా ఉన్నా లేకపోయినా ప్రతిసారీ ఆ కెర్నెల్ గారినే అడిగేస్తే పోలా?” అన్నారు.

“ఏవండీ, మీ కొట్టులో ఎవరూ లేని గల్లాపెట్టె తెరవడానికి ప్రతిసారీ మీ నాన్నగారిని ఇంటి నుంచి పిలిపిస్తారా?” అన్నాను. ఆయన నవ్వేశారు. “పోటీ లేని తాళం కెర్నెల్ దాకా వెళ్లకూడదండీ, అది సరైన మాటే. మనం వెళ్లకపోవడం తప్పు కాదు. వెళ్లిన ఒక్కసారి తప్పు మాట చెప్పాం.”

ఏలూరు చేరాక ఆఫీసులో ఒక బోర్డు బల్ల మీద పెట్టి, రెండు ప్రోగ్రాములూ ఊపిరి సలపకుండా ఆ తాళం కోసం కొట్టుకునేలా చేశాను. పాత తాళంతో చూస్తుండగానే ఒకటి పడుకుంది. ప్రైవేట్ అన్న మాట పడుకునే చోటా, లేపే చోటా రెండింట్లోనూ తీసేశాను. సాయంత్రం దాకా కొట్టుకున్నాయి, ఒక్కటీ పడిపోలేదు. కాపలాకి కబురు చెప్పే పని మోటారు ప్రోగ్రాంకి మార్చాం. పెట్టెలన్నిటికీ చేతి స్విచ్చి మళ్లీ పెట్టించాం. రైతులు గొణిగారు, గొణగనివ్వండి అన్నాను.

బాబాయ్ గారి పెట్టెకి నేనే వెళ్లి కొత్త ప్రోగ్రాములు ఎక్కించాను. ఆయన పక్కనే నిలబడి, “ఇక చూడక్కర్లేదాండీ?” అని అడిగారు. “అక్కర్లేదు బాబాయ్ గారూ” అన్నాను. గట్టిగానే అన్నాను గానీ, ఆయన పట్టుబడి అయ్యే వరకూ నాకు అన్నం సరిగ్గా సయించలేదు.

పట్టుబడికి ముందు రోజు పొద్దున మళ్లీ మబ్బు పట్టింది. రోజూలాగే గూడెం స్టేషన్లో ఏలూరు బండి కోసం నిలబడ్డాను. ఫోను చేతిలోనే ఉంది. మోగలేదు. కొలత చూద్దామంటే ఆ తెర మీద నాకే నమ్మకం పోయింది. మోగకపోతే మంచిదే కదా అనుకున్నాను. అంతా క్షేమంగా ఉన్నట్టు కనిపించడమే కదా మొన్నటి దాకా రోగం అని కూడా అనుకున్నాను. బండి వచ్చింది, ఎక్కాను, పూళ్ల దాటింది. ఉండబట్టలేక నేనే బాబాయ్ గారికి చేశాను. ఎంతసేపటికీ తీయరు. మళ్లీ చేశాను.

“ఎవరండీ?” అన్నారు, గొంతు బొంగురుగా.

“నేనండీ బాబాయ్ గారూ. మబ్బు పట్టింది కదా. మోటార్లు...”

వెనకాల టపటపమని చక్రాల చప్పుడు నాకే వినిపిస్తోంది.

“తిరుగుతున్నాయి కదమ్మా” అన్నారాయన విసుగ్గా. “పడుకున్నానండీ. మంచి నిద్రలో ఉన్నాను, లేపేశారు.”

“తప్పయిపోయింది బాబాయ్ గారూ, పడుకోండి” అన్నాను. బండిలో ఎదురుగా కూర్చున్నావిడ నా వంక అదోలా చూసింది. కళ్లు తుడుచుకుంటున్నానని అప్పటిదాకా నేను గమనించుకోలేదు.